కనిపించని అరఖాళీ: పర్షియన్ మాటలు అతికించగానే ఎందుకు విరుగుతాయి?

కింది మూడు వరుసలనూ పర్షియన్ చదవడం వచ్చినవాళ్లు ఒకే వాక్యంగా గుర్తుపడతారు. ‘నేను పుస్తకాలు చదువుతాను’ అని దాని అర్థం. పలకడం ‘కెతాబ్‌హా రా మీఖానమ్’ అని. మొదటి మాటలో ఉన్నది మన హైదరాబాదీలకు తెలిసిన కితాబే.

```
کتاب‌ها را می‌خوانم
کتاب ها را می خوانم
کتابها را میخوانم
```

టెహ్రాన్‌లో ఏ ప్రచురణ సంస్థకైనా మొదటి వరుసే కావాలి. ఆ వరుసను కాపీ చేసి అనువాద సాధనంలోనో, వేరే డాక్యుమెంటులోనో, వెబ్ ఫారంలోనో అతికిస్తే చాలాసార్లు రెండోదో మూడోదో తేలుతుంది. అక్షరాలు ఒక్కటీ పోవు. తేడా అంతా రెండు చోట్ల ఉంది: ‘కెతాబ్’కీ ‘హా’కీ మధ్య, ‘మీ’కీ ‘ఖానమ్’కీ మధ్య. మొదటి వరుసలో ఆ రెండు చోట్లా కంటికి కనపడని ఒక అక్షరం కూర్చుని ఉంది. యూనికోడ్‌లో దాని సంఖ్య `U+200C`. సాంకేతికంగా దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఇరానీయులు ‘నీమ్‌ఫాసెలే’ అంటారు, అంటే అరఖాళీ. చిక్కు సగం ఈ పేరులోనే ఉంది. ఎందుకంటే అది ఖాళీ కానే కాదు.

పర్షియన్ లిపి కలిపి రాసే లిపి. 32 అక్షరాలున్నాయి. మాటలో మొదట వచ్చిందా, నడుమ వచ్చిందా, చివర వచ్చిందా అన్నదాన్ని బట్టి చాలా అక్షరాల రూపం మారుతుంది. నడుమ వస్తే రెండువైపులా చేతులు కలుపుతాయి, చివర వస్తే నిండుగా తోక దించుతాయి. అలెఫ్, దాల్, రే, వావ్ వంటి ఏడు అక్షరాలు మాత్రం తమ తర్వాతి అక్షరంతో ఎప్పుడూ కలవవు. మిగిలినవన్నీ పక్కన అక్షరం కనిపిస్తే చాలు, కలిసిపోతాయి.

ఇక ‘మీ’ సంగతి. క్రియకు ముందు చేరి అది జరుగుతున్న పనినో, అలవాటుగా చేసే పనినో సూచించే ముక్క ఇది. రోజూ మాట్లాడే పర్షియన్‌లో ఇది లేకుండా నాలుగు వాక్యాలు గడవవు. దీని చివరి అక్షరం ‘యే’, అది కలిసే జాతి. దాన్ని ‘ఖానమ్’ పక్కన పెడితే తోక ముడుచుకుని ‘ఖే’తో కలిసిపోతుంది. కానీ ఇప్పటి రాతపద్ధతి ప్రకారం, ఇరాన్ భాషా అకాడమీ ‘ఫర్హంగెస్తాన్’ పెట్టిన నియమాల ప్రకారం కూడా, ‘మీ’ తన తోకతో విడిగా కనిపించాలి, అయినా క్రియతో కలిపి ఒకే మాటగా ఉండాలి. చేత్తో రాసేవారికి ఇందులో కష్టమేమీ లేదు. ‘యే’ తోక దించి, కలం ఎత్తి, ఖాళీ వదలకుండా పక్కనే ‘ఖే’ మొదలుపెడతారు.

కంప్యూటర్‌కు కలం ఎత్తడం తెలియదు. దాని దగ్గర ఉండేది అక్షరాల వరుస మాత్రమే. ఏ అక్షరానికి ఏ రూపం ఇవ్వాలో ఫాంటు, దాన్ని నడిపే ప్రోగ్రామూ అప్పటికప్పుడు తేలుస్తాయి. పక్కపక్కన ఉంటే కలుపు, మధ్యలో ఖాళీ ఉంటే కలపకు. ఈ రెండింటికీ నడుమ మూడో ఆజ్ఞ ఒకటి కావాలి: కలపకు, కానీ విడదీయకు. `U+200C` ఆ ఆజ్ఞే. దానికంటూ వెడల్పు లేదు. మొదటి వరుసలో ‘మీ’ తర్వాత మన కంటికి కనిపించే కాస్త ఎడం, ‘యే’ తోక దించుకోవడం వల్ల వచ్చిందే తప్ప ఆ గుర్తు వల్ల కాదు.

ఈ అక్షరం మనకేమీ పరాయిది కాదు. తెలుగులో ‘హైదరాబాద్‌లో’ అని టైపు చేసినప్పుడు పొల్లు దకారం పొల్లుగానే నిలబడి, ‘లో’ దాని పక్కన విడిగా వచ్చిందంటే మధ్యలో ఉన్నది ఇదే `U+200C`. దాన్ని తీసేస్తే ‘హైదరాబాద్లో’ అయి, దకారం కింద లావత్తు చేరుతుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్‌లో’ అన్నింటా ఇదే కథ. మనకు ఇది ఎక్కువగా పరభాషా పదాల చివర అవసరమవుతుంది. పర్షియన్‌కు మాత్రం క్రియల్లో, బహువచనాల్లో, సమాసాల్లో, పోలికలు చెప్పే విశేషణాల్లో, అంటే ప్రతి వాక్యంలోనూ అవసరం.

ఖాళీగా మారితే

అతికించినప్పుడు అరఖాళీ కాస్తా నిండు ఖాళీ అయిపోవడం మొదటి రకం దెబ్బ. చదివే మనిషికి ఇది చిరాకు మాత్రమే, అర్థం ఆగదు. యంత్రానికి మాత్రం ఒక మాట రెండు మాటలవుతుంది. ఆ రెండు ముక్కలకూ విడివిడిగా సొంత అర్థాలు ఉండటం అసలు ప్రమాదం.

‘మీ’ అని రాసే ఆ రెండు అక్షరాలనే విడిగా రాస్తే ‘మెయ్’ అని కూడా చదవొచ్చు. మెయ్ అంటే ద్రాక్షసారా. పర్షియన్ కవిత్వంలో అడుగడుగునా కనిపించే మాట. ‘మీఖోరమ్’ అంటే తింటాను లేదా తాగుతాను. అరఖాళీ నిండు ఖాళీ అయితే ‘మెయ్ ఖోరమ్’ అని చదివే వీలు వస్తుంది, అంటే సారా తాగుతాననో, తాగాలనో. భోజనం గురించి రాసిన వాక్యంలోకి సారా వచ్చి చేరుతుంది. అలాగే ‘తర్’. ‘బొజొర్గ్’ అంటే పెద్ద, ‘బొజొర్గ్‌తర్’ అంటే ఇంకా పెద్ద. విడిగా రాసిన ‘తర్’కు తడి అని అర్థం. మాటలను ఒక్కొక్కటిగా నిఘంటువులో చూసే పదకోశ సాధనానికి ఇక్కడ ‘పెద్ద’, ‘తడి’ అనే రెండు మాటలు దొరుకుతాయి. చుట్టుపక్కల వాక్యాన్ని కలిపి చూసే అనువాద సాధనాలు ఇలాంటివాటిని చాలావరకు సర్దుకుంటాయి. ఇంటర్నెట్‌లో ఉన్న పర్షియన్‌లో సగానికి సగం ఇలా ఖాళీలతోనే రాసి ఉందా అనిపిస్తుంది, అది చూసి నేర్చుకున్న యంత్రాలకు ఈ తప్పు అలవాటే. చిన్న వాక్యాలు, శీర్షికలు, పట్టికలోని ఒంటరి మాటలు వచ్చినప్పుడే అవి తడబడతాయి. చుట్టూ ఆధారం లేనిచోట ‘తర్’ తడో, ‘కంటే’నో ఎలా తేల్చాలి?

వరుస చివర జరిగేది ఇంకొకటి. ఖాళీ ఉన్నచోట వరుస విరగొచ్చు. అరఖాళీ దగ్గర విరగకూడదని యూనికోడ్ నియమం. అరఖాళీ పోయిన డాక్యుమెంటులో ‘మీ’ ఒక వరుస చివర, ‘ఖానమ్’ తర్వాతి వరుస మొదట పడుతుంది. అచ్చులో చూసేవారికి ఇది చాలా వికారంగా ఉంటుంది.

అనువాదకులకైతే ఇది డబ్బుకు సంబంధించిన వ్యవహారం. అనువాదానికి సాధారణంగా మాటకింత అని లెక్కకడతారు. పైన చూపిన వాక్యాన్ని ఖాళీల ఆధారంగా లెక్కపెడితే మొదటి వరుసలో మూడు మాటలు, రెండో వరుసలో ఐదు, మూడో వరుసలో మళ్లీ మూడు. మూలం పంపినవారి దగ్గర మొదటి రూపం, అనువాదకుడి దగ్గర అతికించాక వచ్చిన రెండో రూపం ఉంటే, బిల్లు దగ్గర ఇద్దరి లెక్కా కలవదు. ఎవరూ మోసం చేయలేదు. అనువాదకులు వాడే సాధనాలు పాత అనువాదాలను వాక్యాలవారీగా దాచి, అదే వాక్యం మళ్లీ వస్తే తీసి చూపిస్తాయి. అక్కడా అంతే. దాచినది మొదటి రూపం, ఇప్పుడొచ్చింది రెండోది అయితే యంత్రానికి అవి వేర్వేరు వాక్యాలు. అక్షరాలా చేసిన పనినే మళ్లీ చేయాల్సి వస్తుంది.

మాయమైపోతే

రెండో రకం దెబ్బలో అరఖాళీ పూర్తిగా చెరిగిపోయి అక్షరాలు కలిసిపోతాయి. పైకి ఇది మేలనిపిస్తుంది, మాట ఒకటిగానే ఉంది కదా అని. పాత పర్షియన్ పుస్తకాల్లో ఇలా కలిపి రాసినవి కనిపిస్తాయి కూడా. నా మట్టుకు ఇది మొదటిదానికంటే చెడ్డ నష్టం. ఖాళీగా మారితే అక్కడ ఏదో ఉండేదన్న జాడైనా మిగులుతుంది. చెరిగిపోతే ఏమీ మిగలదు.

```
می‌دانم
میدانم
```

మొదటిది ‘మీదానమ్’, నాకు తెలుసు అని. అరఖాళీ తీసేస్తే వచ్చే రెండో రూపాన్ని అలాగే కూడా చదవొచ్చు, ‘మెయ్‌దానమ్’ అని కూడా చదవొచ్చు. మెయ్‌దాన్ అంటే మనకు తెలిసిన మైదానమే, నగరాల్లో కూడలి కూడా. కాబట్టి రెండో అర్థం ‘నా మైదానం’. ఎవరైనా తెలివిగా, ‘మీ’తో మొదలయ్యే ప్రతి మాటలోనూ ఆ రెండక్షరాల తర్వాత అరఖాళీ పెట్టే ప్రోగ్రాం రాశారనుకుందాం. అది మైదానాన్ని విరుస్తుంది, వారసత్వం అని అర్థమొచ్చే ‘మీరాస్’ను విరుస్తుంది, కొలత అని అర్థమొచ్చే ‘మీజాన్’ను విరుస్తుంది. కలిసిపోయిన రాతను బాగుచేయాలంటే క్రియాధాతువుల పట్టిక దగ్గర పెట్టుకుని, చివరికి వాక్యం చదివి తేల్చాలి. రెండో వరుసలా ఖాళీలున్న రాతను బాగుచేయడం దీనితో పోలిస్తే తేలిక. ఒంటరిగా నిలబడిన ‘మీ’, దాని నిషేధరూపం ‘నెమీ’ తర్వాత క్రియ ఉంటే ఖాళీని అరఖాళీ చేయాలి. పైథాన్‌లో పర్షియన్ కోసం రాసిన ‘హజ్మ్’ అనే సాధనం, వర్డ్‌లో చేరే ‘వీరాస్త్‌యార్’ ఇలాంటి పనే చేస్తాయి. అక్కడ కూడా సారా గురించిన కవితను ఇస్తే పొరపడే వీలుంది, కనుక చివరిచూపు మనిషిదే కావాలి.

ఎక్కడ పోతుంది?

చాలాసార్లు మొదట టైపు చేసినప్పుడే తప్పు అక్షరం పడి ఉంటుంది. ఇరాన్ ప్రమాణ కీబోర్డులో అరఖాళీకి `Shift+Space` అని చక్కటి చోటు ఉంది. 2007లో వచ్చిన 9147వ నంబరు ప్రమాణం అది. అంతకుముందు విండోస్‌లో అందరికీ అందుబాటులో ఉన్న లేఅవుటుతో చాలామంది వర్డ్‌లో `Ctrl+-` నొక్కి పనికానిచ్చేవారు. అది నిజానికి ఇంగ్లీషు మాటను వరుస చివర విరిచే ఐచ్ఛిక హైఫన్. వర్డ్ తెరమీద పర్షియన్ అక్షరాలను అది విడదీసి చూపించేది కాబట్టి అరఖాళీలాగే కనిపించేది. ఆ డాక్యుమెంటు నుంచి తీసి వేరేచోట అతికిస్తే మాట నడుమ `¬` అనే గుర్తు మొలుస్తుంది, లేదా కనిపించని సాఫ్ట్ హైఫన్‌గా మారి అక్షరాలు కలిసిపోతాయి. ఆనాటి అలవాటు చేతులను ఇంకా వదల్లేదు, ఆనాటి ఫైళ్లూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

పీడీఎఫ్ ఇంకో చోటు. పీడీఎఫ్ ప్రధానంగా దాచుకునేది అక్షరాల బొమ్మలను, అవి కాగితం మీద ఎక్కడున్నాయన్న కొలతలను. అరఖాళీకి బొమ్మే లేదు కనుక తరచు అది ఫైల్లోకే ఎక్కదు. మనం అందులోంచి కాపీ చేసినప్పుడు ప్రోగ్రాం రెండు బొమ్మల మధ్య ఎడం కొలిచి, ఎక్కువుంటే ఖాళీ అనుకుంటుంది, తక్కువుంటే కలిపేస్తుంది. ఒకే పేజీలో ఒక ‘మీ’ విడిపోయి, ఇంకో ‘మీ’ కలిసిపోవడం అందుకే. అలాంటి ఫలితం చూస్తే మూలం పీడీఎఫ్ అని దాదాపు చెప్పేయొచ్చు.

మూడోది ‘శుభ్రపరిచే’ కోడు. యూనికోడ్ ప్రతి అక్షరాన్నీ ఒక వర్గంలో వేస్తుంది. అరఖాళీ పడింది `Cf` అనే వర్గంలో, అంటే రూపాన్ని నియంత్రించే గుర్తుల్లో. రాతలోకి దొంగచాటుగా చొరబడే పనికిరాని అదృశ్య గుర్తులు కూడా చాలావరకు ఆ వర్గంలోనే ఉన్నాయి. ప్రోగ్రామర్లు వర్గం మొత్తాన్ని గంపగుత్తగా తుడిచేస్తారు. గూగుల్ 2018లో విడుదల చేసిన బెర్ట్ అనే భాషానమూనాతో వచ్చిన కోడు సరిగ్గా ఇదే చేస్తుంది: పాఠాన్ని ముక్కలు చేసేముందు `Cf` అక్షరాలను తీసేస్తుంది. పర్షియన్ కూడా చేర్చిన బహుభాషా బెర్ట్ ‘మీదానమ్’ను చూసేసరికే అది పైన చూపిన రెండో రూపం అయిపోయి ఉంటుంది. తర్వాత ఇరానీ పరిశోధకులు తమ భాషకోసం తయారుచేసిన నమూనాలో ఈ లోపం సరిచేసి, దాని పేరులోనే ఆ గుర్తును చేర్చారు: `bert-fa-zwnj-base`.

తుడవకపోయినా విరిచే కోడు ఉంది. పైథాన్‌లో ‘ఒక మాట’ను పట్టుకోవడానికి ఎక్కువమంది వాడే `\w+` చూడండి.

```python
import re
s = "می\u200cخوانم"
print(len(s))                   # 8
print(len(s.split()))           # 1
print(len(re.findall(r"\w+", s)))  # 2
```

మాటలో అక్షరాలు ఏడు, అరఖాళీ ఒకటి, మొత్తం ఎనిమిది. ఖాళీల దగ్గర విడగొడితే ఒకే మాట. `\w` అంటే అక్షరాలు, అంకెలు అని కాబట్టి, అరఖాళీ ఆ రెండూ కాదు కాబట్టి, అక్కడ మాట తెగి రెండవుతుంది. మాటల హద్దుల గురించి యూనికోడ్ ఇచ్చిన సొంత నియమాల్లో మాత్రం అరఖాళీ దగ్గర మాట తెగదు. ఒకే కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం ఒకటని, ఇంకోటి రెండని చెప్పడానికి కారణం ఇదీ. కోడులో నేను అరఖాళీని `\u200c` అని విడమరిచి రాసింది కూడా కావాలనే. నేరుగా పెడితే ఈ పేజీ నుంచి మీరు కాపీ చేసుకునేలోపు అది పోవచ్చు.

ఎన్‌కోడింగ్ తప్పిన ఫైళ్లలో కనిపించే తప్పు మాత్రం దాక్కోదు. అరఖాళీని యూటీఎఫ్-8లో `E2 80 8C` అనే మూడు బైట్లుగా రాస్తారు. దాన్ని పశ్చిమ ఐరోపా భాషల పాత పద్ధతిలో చదివితే `â€Œ` అని వస్తుంది. ఏ మాట నడుమనైనా ఈ మూడు గుర్తులు కనిపిస్తే అక్కడ అరఖాళీ ఉండేదని, ఇంకా తిరిగి తీసుకురావచ్చని అర్థం.

ఉందో లేదో తెలిసేదెలా?

కంటికి కనపడనిదాన్ని పట్టుకోవడానికి తేలిక మార్గం బాణం మీట. కర్సరును మాటలోంచి ఒక్కో అడుగూ జరుపుతూ పోతే, చాలా ఎడిటర్లలో అరఖాళీ దగ్గర ఒకసారి నొక్కినా కర్సరు కదిలినట్టు కనిపించదు. వర్డ్‌లో అయితే గుర్తులన్నీ చూపించమంటే అది కూడా కనిపిస్తుంది. అనుమానం ఉన్నచోట దాని వెంటనే కర్సరు పెట్టి `Alt+X` నొక్కితే అక్షరం పోయి దాని సంఖ్య వస్తుంది. `200C` వస్తే సరైనదే. `00AC` వస్తే అది ఆ `¬` గుర్తు. `200B` వస్తే అది జీరో విడ్త్ స్పేస్, పేరులో అన్నదమ్ములా ఉన్నా పని వేరు: వరుసను అక్కడ విరవొచ్చని చెప్పే గుర్తు. మళ్లీ `Alt+X` నొక్కితే సంఖ్య తిరిగి అక్షరమవుతుంది.

పెద్ద పాఠాన్ని అనువాద సాధనంలో అతికించేముందు మూలంలో `U+200C` ఎన్నిసార్లు ఉందో వెతికి లెక్క చూసుకోవాలి, అతికించాక మళ్లీ చూడాలి. పేజీల కొద్దీ పర్షియన్‌లో సున్నా వస్తే ఎక్కడో మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టే. అలాంటప్పుడు పోయినవాటిని వెనక్కి రప్పించే ప్రయత్నం కంటే మూలం వర్డ్ ఫైలు అడిగి తెచ్చుకోవడం నయం.

అతిగా ఉన్నా చిక్కే

ఇప్పటిదాకా పోవడం గురించే చెప్పాను. అనవసరమైన చోట చేరడం కూడా ఉంది, దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ‘కార్’ అంటే పని, ‘కార్‌హా’ అంటే పనులు. ‘కార్’ చివరి అక్షరం ‘రే’, తర్వాతిదానితో కలవని ఏడింటిలో ఒకటి. అక్కడ అరఖాళీ పెట్టినా పెట్టకపోయినా కనిపించే రూపం ఒక్కటే. బహువచనానికి ముందు అరఖాళీ నొక్కడం అలవాటైన వేళ్లు ఇక్కడా నొక్కేస్తాయి. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, కానీ ఒకదానికోసం వెతికితే రెండోది దొరకదు. జాబితాను అక్షరక్రమంలో పెడితే రెండూ రెండు పద్దులుగా నిలవొచ్చు.

వెబ్ చిరునామాల్లో ఇది భద్రతకు సంబంధించిన ప్రశ్న అయింది. కంటికి ఒకేలా కనిపించే రెండు చిరునామాలు రెండు వేర్వేరు సైట్లకు తీసుకెళితే మోసగాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఇంగ్లీషేతర లిపుల్లో డొమైన్ పేర్లకు 2003లో వచ్చిన మొదటి నియమాలు అరఖాళీని నిశ్శబ్దంగా తీసేశాయి. పర్షియన్ రాసేవారికి తమ మాట తాము రాసినట్టు చిరునామాలో నిలవలేదు. 2010లో ఖరారైన కొత్త నియమాలు, వాటిలోని ఆర్‌ఎఫ్‌సీ 5892 అనే పత్రం, దీన్ని శ్రద్ధగా సరిచేశాయి. అరఖాళీని గుడ్డిగా తీసేయనూ లేదు, గుడ్డిగా ఒప్పుకోనూ లేదు. దాని ఇరుపక్కలా ఏముందో చూడమన్నాయి. ముందున్నది తర్వాతిదానితో కలిసే అక్షరమై, తర్వాతిది ముందుదానితో కలిసే అక్షరమైతే, అంటే తీసేస్తే రూపం మారేచోట మాత్రమే, అది చెల్లుతుంది. ‘మీ’కీ ‘ఖానమ్’కీ మధ్య చెల్లుతుంది, ‘కార్’కూ ‘హా’కూ మధ్య చెల్లదు. పాఠాన్ని శుభ్రంచేసే కోడు రాసేవారు `Cf` వర్గాన్నంతా ఊడ్చే బదులు ఈ పరీక్షను తెచ్చుకుంటే సరిపోతుంది. ఆ పత్రంలో అరఖాళీ చెల్లడానికి ఇంకో షరతు కూడా ఉంది, అది పర్షియన్ కోసం పెట్టింది కాదు. దానికి ముందున్నది భారతీయ లిపుల్లోని పొల్లు అయినా చెల్లుతుంది. ‘హైదరాబాద్‌లో’ దకారం తర్వాత ఉన్నది అదే.